సున్తీ అయిన నాలుగో రోజు పసుపు రసి: చీము పట్టిందా, పుండు మానుతోందా?

కర్నూలు తల్లి: బాబుకి ఇంకా నెల నిండలేదు. ప్లాస్టిక్ రింగు వేసి, దాని మీద దారం బిగించి సున్తీ చేశారు, ఇవాళ నాలుగో రోజు. కొన ఎర్రగా ఉంది, రింగు పక్కన పసుపు తడి గుడ్డకి అంటుకుంటోంది. దారం ముందున్న చర్మం నల్లబడింది. పాలు బాగానే తాగుతున్నాడు. అత్తమ్మ చీమంటోంది. యాంటీబయాటిక్ వేయాలా, ఆగాలా?

నంద్యాల మెడికల్ షాపు: పసుపుగా వస్తే చీమేనమ్మా. పసిపిల్లలకి ఇన్ఫెక్షన్ పాకితే పూట కూడా ఆగదు. ముందే సిరప్ మొదలుపెడితే పోయేదేముంది?

రిటైర్డ్ నర్సు, సర్జికల్ వార్డు: పసిబిడ్డల్లో త్వరగా ముదురుతుందన్న మాట నిజం. అందుకే షాపులో సిరప్ ఇచ్చి పంపకూడదు తమ్ముడూ, బిడ్డను చూడకుండా ఎలా ఇస్తావు?

అమ్మా, కొన మీది చర్మం తీసేస్తే లోపలి భాగం పచ్చిపుండులా ఎర్రగానే ఉంటుంది. రెండో రోజుకో మూడో రోజుకో దాని మీద పసుపు తెల్లటి పొర కడుతుంది. పుండు మానేటప్పుడు వచ్చే పొర అది. తడి దూదితో మెల్లగా అద్దినా లేచిరాదు, వాసన ఉండదు. వారంలో దానంతటదే పోతుంది. చీము అనుకుని తుడిస్తే మాత్రం నెత్తురొచ్చి మళ్ళీ మొదటికొస్తుంది. చీము చిక్కగా, మబ్బుగా కారుతుంది, తుడిచినా మళ్ళీ ఊరుతుంది, చాలాసార్లు కంపు కొడుతుంది.

రంగు కంటే ఎరుపు ఎటు పోతోందో చూడు. మొదటి రెండు మూడు రోజులు వాపు, ఎరుపు ఉంటాయి, ఆ తర్వాత తగ్గాలి. నాలుగో రోజు తర్వాత పెరుగుతూ కాడ మీదుగా పొత్తికడుపు వైపు పాకితే, ముట్టుకుంటే వేడిగా, గట్టిగా ఉంటే అది మానడం కాదు. గుడ్డ మార్చినప్పుడల్లా ఒకే వెలుతురులో ఫోటో తీసిపెట్టుకో. కన్ను మోసం చేస్తుంది, నిన్నటి ఫోటో చేయదు.

దారం ముందున్న చర్మం నల్లబడాల్సిందే, నెత్తురు అందక ఎండి రింగుతో పాటు ఊడిపోతుంది. కానీ రింగు లోపల కనిపించే కొన నీలంగానో నల్లగానో మారితే వెంటనే ఆసుపత్రికి పరుగెత్తు.

కడప నాన్న: మా వాడికి ఆరేళ్ళప్పుడు చేయించాం, కుట్లు వేశారు. పది రోజులు లుంగీ కట్టుకుని తిరిగాడు, అంతవరకు రసి వచ్చింది. మేం రోజూ డెట్టాల్ నీళ్ళతో కడిగి పసుపు అద్దేవాళ్ళం, ఏం కాలేదు. మీరు ఊరికే భయపడుతున్నారు.

రిటైర్డ్ నర్సు: ఆరేళ్ళ పిల్లాడి లెక్క పసిబిడ్డకి సరిపోదు భాయ్. పెద్ద పిల్లలకి మానడానికి ఎక్కువ రోజులు పడుతుంది. ఇంట్లో పసుపు గానీ బూడిద గానీ పచ్చిపుండు మీద వేయొద్దు. డెట్టాల్ మంట పెడుతుంది. గోరువెచ్చని నీళ్ళు చాలు.

కర్నూలు తల్లి: అక్కా, ఫోటోల్లో ఎరుపు నిన్నటి కంటే కాస్త తగ్గింది. నొప్పికని మధ్యాహ్నం పారాసెటమాల్ చుక్కలు వేశాను. చంకలో 98.4 ఉంది, అంటే జ్వరం లేనట్టే కదా?

రిటైర్డ్ నర్సు: చుక్కలు వేశాక చూసిన జ్వరం లెక్కలోకి రాదమ్మా, అవి జ్వరాన్ని కప్పేస్తాయి. ఇంత చిన్న బిడ్డకి డాక్టరు చెబితేనే వేయాలి. ఇంకో మోతాదు వేయకుండా రాత్రికి మళ్ళీ చూడు. 100.4 ఉంటే అర్ధరాత్రయినా తీసుకెళ్ళు. చంకలో తక్కువే చూపిస్తుంది కాబట్టి 99.5 దాటినా డాక్టరుకి ఫోన్ చెయ్యి. కొందరు పసిబిడ్డలకి ఇన్ఫెక్షన్‌లో ఒళ్ళు కాలదు, చల్లబడి మగతగా పడుంటారు, పాలు వదిలేస్తారు. ఎనిమిది గంటలు ఉచ్చ పోయకపోయినా, నెత్తురు ఆగకుండా వస్తున్నా ఆలస్యం వద్దు.

నంద్యాల మెడికల్ షాపు: మరి మా ఊళ్ళో డాక్టర్లే చాలామంది ముందుజాగ్రత్తగా సిరప్ రాస్తున్నారే?

రిటైర్డ్ నర్సు: రాసేవాళ్ళూ ఉన్నారు, రాయనివాళ్ళూ ఉన్నారు. నేను పనిచేసిన ఇద్దరు సర్జన్లే దీని మీద పోట్లాడుకునేవాళ్ళు. బిడ్డను చూసిన డాక్టరు రాస్తే వేయండి, నా అభ్యంతరం చూడకుండా వేయడం మీదే.

డల్లాస్ తల్లి: ఇక్కడ మా బాబుకి రింగు వేయలేదు, క్లాంప్‌తో చేశారు. డైపర్ మార్చినప్పుడల్లా వాజెలిన్ బాగా రాయమన్నారు, అంటుకోకుండా. కర్నూలు అమ్మ కూడా రాయొచ్చుగా?

రిటైర్డ్ నర్సు: రింగు లేకపోతే రాయాలి. రింగుంటే మా సర్జన్ వద్దనేవారు, రింగు జారుతుందని. రాయొచ్చనే డాక్టర్లూ ఉన్నారు, చేసినవారినే అడగమ్మా. రింగు మామూలుగా ఐదు నుంచి ఎనిమిది రోజుల్లో ఊడుతుంది. పదో రోజుకీ ఊడకపోయినా, వెనక్కి జారి కాడని బిగించినా ఇంట్లో లాగొద్దు, తీసుకెళ్ళు.

కర్నూలు తల్లి: రాత్రి 98.6, చుక్కలు వేయలేదు. అత్తమ్మకి నిన్నటి ఫోటో, ఇవాళ్టి ఫోటో పక్కపక్కన చూపించాను. చీమేనంటోంది ఇంకా. రేపు ఓపీకి వెళ్తున్నాం.