అప్‌డేట్: అసెంబ్లీ స్పీచ్‌కి కథ దొరికింది

నా ప్రశ్న: "ఎవరూ చూడకపోయినా నిజాయితీగా ఎందుకుండాలో మా ఎనిమిదో తరగతి అమ్మాయి అసెంబ్లీలో రెండు నిమిషాలు మాట్లాడాలి. హరిశ్చంద్రుడు కాకుండా ఏదైనా కథ చెప్పండి."

స్పీచ్ బాగా జరిగింది, సలహాలిచ్చిన అందరికీ థాంక్స్. పనికొచ్చింది గోల్ఫ్ ఆటగాడు బాబీ జోన్స్ కథ. 1925 యూఎస్ ఓపెన్ మొదటి రౌండ్‌లో, గడ్డిలో ఉన్న బంతిని ఆయన కొట్టబోతుంటే అది కాస్త కదిలింది. తోటి ఆటగాడు చూడలేదు, అధికారులూ చూడలేదు. అయినా పట్టుబట్టి తన మీద ఒక స్ట్రోక్, అంటే ఒక దెబ్బ, పెనాల్టీ వేయించుకున్నాడు. చివరికి స్కోర్లు సమమయ్యాయి, విజేతని తేల్చే ప్లేఆఫ్‌లో ఒక్క స్ట్రోక్ తేడాతో టైటిల్ చేజారింది.

గోల్ఫ్ అంటే మన పిల్లలకి ఏం తెలుస్తుంది? అందుకే "తక్కువ దెబ్బల్లో ముగించినవాడే గెలుస్తాడు" అని ముందే ఒక ముక్క చెప్పించాం. అది లేకపోతే పెనాల్టీతో ఏం పోయిందో అర్థం కాదు.

స్కూల్లో 'కెటిల్' స్పెల్లింగ్ పక్కవాడిది చూసి రాయమని టీచర్ సైగ చేసినా గాంధీజీ రాయని సంఘటన పక్కన పెట్టాం. అక్కడ ఇన్‌స్పెక్టరూ, టీచరూ ఎదురుగానే ఉన్నారు కదా, ఈ టాపిక్‌కి అంతగా అతకదు. శ్లోకాలు, కొటేషన్లు అసలు అవసరమే పడలేదు.

ఈ కథ వాడుకునేవాళ్లు మాత్రం "అందుకే గెలిచాడు" అని ముగించకండి. ఆ ఏడాది ఆయన గెలవలేదు.