సౌదాద్: ఆంగ్లంలో ఒక్క మాట ఎందుకు దొరకదు?

నీలాంబరి:
పోర్చుగీసు కథల ఆంగ్లానువాద సంపుటి ఒకటి చదువుతున్నాను. సౌదాద్ అనే మాటను అనువాదకుడు ఒకచోట లాంగింగ్ అన్నాడు, ఇంకొకచోట నాస్టాల్జియా అన్నాడు, మరొకచోట మార్చకుండా అలాగే వదిలేశాడు. ఒకే ఆంగ్ల పదం ఎందుకు సరిపోదు? ఆ మాటలో అసలు ఏయే భావాలున్నాయి?

పదసంచి:
దీనికి సమాధానం నిఘంటువులో కాదు, ఆ జాతి చరిత్రలో వెతకాలి. 1578లో అల్కాసెర్ కిబిర్ యుద్ధంలో పోర్చుగల్ రాజు సెబాస్టియన్ తిరిగి రాలేదు. ఆయన చనిపోలేదని, మంచు కమ్మిన ఒక ఉదయాన మళ్లీ వస్తాడని జనం తరతరాలు ఎదురుచూశారు. భర్తలను, కొడుకులను సముద్రం మీదికి పంపి రేవుల్లో నిలబడిన దేశం అది. ఆబ్రీ బెల్ అనే ఆంగ్లేయుడు 1912లోనే ఈ మాటను వివరిస్తూ, లేనిదాని కోసం, బహుశా ఎప్పటికీ ఉండజాలని దాని కోసం అస్పష్టంగా, నిరంతరంగా సాగే కోరిక అన్నాడు. అలాంటి అనుభవం ఆంగ్లేయులకు లేనప్పుడు వారికి దానికి మాట మాత్రం ఎలా ఉంటుంది?

సూరిబాబు:
బెంగ. ఇంత చర్చ దేనికి?

రేవుగాలి:
పదసంచి గారూ, నేను లిస్బన్‌లో ఉద్యోగం చేస్తున్నాను. బెల్ వివరణ చదివి ఇక్కడికి వచ్చినవారు మొదటి వారంలోనే తికమకపడతారు. సెలవు ముగించుకుని వచ్చిన సహోద్యోగితోనూ, ఊళ్లో అమ్మ వండే కూర గురించీ, నిన్నమొన్నటి వేసవి గురించీ ఇక్కడివారు ఈ మాటే వాడతారు. ఇవన్నీ నిజంగా ఉన్నవే, చాలావరకు మళ్లీ దొరికేవే.

ఒక కుటుంబం సంగతి చెబుతాను. మా ఇంటి యజమానురాలిది ఉత్తరాన మిన్యు ప్రాంతం. 1960లలో ఆ ప్రాంతం నుంచి వేలాదిమంది ఫ్రాన్సుకు కూలిపనులకు వెళ్లారు, వారిలో ఆమె అన్న ఒకడు. తల్లి ఏడాది పొడవునా కొడుకు సౌదాదెష్, అంటే బహువచనంలో సౌదాద్‌లు, తనకు ఉన్నాయనేది. ఆగస్టు సెలవుల్లో అతడు వస్తే, సౌదాదెష్‌ను చంపుకోవడానికి వచ్చాడనేది. వెళ్లిపోయాక, ఇంటినిండా సౌదాదెష్ వదిలి వెళ్లాడనేది. ఆమె పోయినప్పుడు పిల్లలు సమాధి రాయి మీద ఎతెర్న సౌదాద్ అని చెక్కించారు, అంటే శాశ్వతమైన సౌదాద్ అని.

ఇప్పుడు వీటిని ఆంగ్లంలోకి మార్చి చూడండి. మొదటి దానికి మిస్ అనే క్రియ చక్కగా సరిపోతుంది. కానీ అది క్రియే. దానిని ఒక వస్తువులా దగ్గర ఉంచుకోలేం, చంపుకోలేం, ఇంట్లో వదిలి వెళ్లలేం. అందువల్ల రెండో చోట చాలాకాలానికి కలుసుకుని కబుర్లు చెప్పుకోవడం అనే అర్థంలో ఇంకేదో రాయాలి. మూడో చోట వాక్యాన్ని తిరగేసి, అతడు లేని లోటు ఇంట్లో తెలుస్తోంది అనాలి. సమాధి మీద ఆంగ్లేయులు ప్రేమపూర్వక స్మృతిలో అని రాస్తారు. ఏ వాక్యమూ అనువాదానికి లొంగనిది కాదు, అయితే నాలుగు చోట్లా ఉన్నది ఒకే మాట అన్న సంగతి మాత్రం పాఠకుడికి అందదు.

పదసంచి:
మీ యజమానురాలి ఇంటి సంగతి బాగుంది గానీ, నేను రాజు మాట చెబుతాను. 1433 నుంచి 1438 వరకు పోర్చుగల్‌ను పాలించిన దోం దువార్త్ తన గ్రంథంలో, ఈ భావానికి లాటిన్‌లో గాని మరో భాషలో గాని ఇలాంటి పేరు లేదని రాశాడు. దాదాపు ఆరు వందల ఏళ్లనాటి సాక్ష్యం ఇది. దీనికి మీ జవాబేమిటి?

రేవుగాలి:
ఆ వాక్యంలో మీరు వదిలేసిన చిన్న ముక్క ఒకటి ఉంది: నాకు తెలిసినంతవరకు అని ఆయన జోడించాడు. రాజుకున్న జాగ్రత్త ఆ తరవాత ఆయనను ఉదహరించినవారికి లేకపోయింది. ఆ అధ్యాయంలో అంతకంటే విలువైన పని మరొకటి చేశాడు. దుఃఖం, విచారం, రోత, అయిష్టం వంటివాటి నుంచి ఈ భావాన్ని విడదీశాడు. ఇది వివేచన నుంచి కాక హృదయం నుంచి పుడుతుందని, ఒక్కోసారి దుఃఖంతోను, ఒక్కోసారి సంతోషంతోను వస్తుందని చెప్పాడు. 1660లో ఫ్రాన్సిష్కు మనుఎల్ ద మేలు అనే పోర్చుగీసు రచయిత దీన్నే మరింత బిగించి, మనం బాధగా అనుభవించే మేలు, ఇష్టపడి అనుభవించే కీడు అన్నాడు.

నీలాంబరి గారు అడిగిన రెండో ప్రశ్నకు సమాధానం ఇక్కడే ఉందని నా అభిప్రాయం. ఒకప్పుడు దగ్గర ఉన్నదాని జ్ఞాపకం, అది మళ్లీ కావాలన్న కోరిక, ఇప్పుడు లేదన్న బాధ, అది నాదిగా ఉండేదన్న తీపి, ఈ నాలుగూ అందులో కలిసి ఉంటాయి. పాళ్లు మాత్రం సందర్భాన్ని బట్టి మారుతాయి. ఆంగ్లంలో ఇవి వేర్వేరు ఇళ్లలో కాపురం ఉంటున్నాయి. లాంగింగ్‌లో కోరిక ఉంది గానీ జ్ఞాపకం తప్పనిసరి కాదు. ఎన్నడూ చూడనిదాని కోసం కూడా లాంగింగ్ కలగవచ్చు. నాస్టాల్జియా 1688లో యోహానెస్ హోఫర్ అనే వైద్య విద్యార్థి స్విట్జర్లాండ్‌లో ఇంటి మీది మనోవ్యాధికి కల్పించిన పేరు. ఇప్పుడది గడిచిన కాలానికి వాడే మాటగా స్థిరపడింది. సాయంత్రానికి ఇంటికి వచ్చే కూతురి మీద ఎవరికీ నాస్టాల్జియా కలగదు, సౌదాదెష్ మాత్రం కలుగుతాయి. హోమ్‌సిక్‌నెస్ ఊరికీ ఇంటికీ తప్ప మనిషికి చెల్లదు.

సూరిబాబు:
బెంగలో ఇవన్నీ ఉన్నాయి. మా అమ్మాయి హాస్టల్‌లో చేరినప్పుడు బెంగతో జ్వరం తెచ్చుకుంది, మేము వెళ్లి చూశాక బెంగ తీరింది. మీరు చెప్పిన చంపుకోవడం అంటే ఇదే కదా?

రేవుగాలి:
ఆ ఒక్క చోట మీరన్నది నిజం సూరిబాబు గారూ, బెంగ తీరడానికీ వాళ్ల చంపుకోవడానికీ పోలిక బాగా కుదిరింది. ఆంగ్లంలో దానికి అంత దగ్గరి మాట నాకు కనబడలేదు. అయితే బెంగలో భయం ఉంది. పరీక్షల బెంగ, అప్పుల బెంగ అంటాం. అందులో తీపి లేదు, ఎవరూ బెంగను కోరి తెచ్చుకోరు. సమాధి మీద శాశ్వతమైన బెంగ అని రాస్తే ఎలా ఉంటుందో మీరే ఊహించండి. పైగా నీలాంబరి గారు అడిగింది ఆంగ్లం గురించి.

తీరందారి:
1958లో వచ్చిన ప్రసిద్ధ బ్రెజిల్ పాట పేరులో ఈ మాట ఉంది, ఇక సౌదాద్ చాలు అని దాని అర్థం. ఆంగ్లంలో దాన్ని నో మోర్ బ్లూస్ చేశారు. ప్రియురాలు తిరిగి వస్తే తీరిపోయే బాధ కాస్తా ఉత్త దిగులుగా మారింది. ఎవరి కోసమన్న ముక్క ఎగిరిపోయింది.

కస్తూరి:
నేను ఆంగ్లం మీదుగా తెలుగులోకి అనువాదాలు చేస్తాను. ఒక సంకలనంలో ఈ మాట వచ్చినప్పుడు సందర్భాన్ని బట్టి ఎడబాటు అని, జ్ఞాపకాల తీపి అని, లోటు అని రాశాను. సంపాదకుడు అన్నీ కొట్టేసి ప్రతిచోటా సౌదాద్ అనే ఉంచి, మొదటి పేజీలో ఇది అనువదించలేని మాట అని ఒక గమనిక పెట్టాడు. పుస్తకం వచ్చాక ఒక సమీక్షకుడు ఆ గమనికనే మెచ్చుకున్నాడు. నా వారాల కష్టం ఎవరికీ కనబడలేదు. అనువదించలేదు అనడం ఒక్కోసారి పని తప్పించుకునే మార్గమని నాకు అప్పుడు అర్థమైంది.

పదసంచి:
ఆ సంపాదకుడు చేసిందే సరైన పని. ముక్కలు చేసి పంచితే మాట చచ్చిపోతుంది.

కస్తూరి:
గమనిక చదివిన పాఠకుడికి ఆ తల్లి బాధ అర్థమవుతుందా, లేక ఇదేదో విదేశీ తాత్త్విక వ్యవహారమని భ్రమపడతాడా? రోజూ నోట నలిగే మాటను తెచ్చి దేవుడి గదిలో పెడుతున్నారు మీరు.

పదసంచి:
నేనా? ఇరవయ్యో శతాబ్దపు పోర్చుగీసు కవులే పెట్టారు. 1912లో తెయ్షేయ్ర ద పష్కోయెష్, ఆయన మిత్రులు ఈ మాట చుట్టూ పోర్తు నగరంలో ఒక ఉద్యమమే నడిపారు. ఇది తమ జాతి ఆత్మ అని, మరే భాషకూ అందదని పష్కోయెష్ వాదించాడు. ఒక జాతి తన గురించి తాను చెప్పుకున్న మాటను, అక్కడ జీతానికి ఉంటున్న పరాయివారు వచ్చి కాదనడం నాకు నచ్చదు.

రేవుగాలి:
నా జీతం సంగతి పక్కన పెట్టండి. కాదన్నది పరాయివారు కాదు. పష్కోయెష్ వాదానికి అప్పుడే ఆంటోనియు సెర్జియు అనే పోర్చుగీసు ఆలోచనాపరుడు ఎదురు నిలిచాడు. స్పెయిన్‌లోని గలీసియా భాషలోను, కటలాన్‌లోను, రుమేనియన్‌లోను, స్వీడిష్‌లోను దగ్గరి మాటలున్నాయని ఎత్తి చూపాడు. 1914లో కరోలీన మికాయెలిస్ ఈ మాట మీద ఒక పుస్తకమే రాసింది. బెర్లిన్‌లో పుట్టి పోర్చుగల్‌లో స్థిరపడిన పండితురాలు కాబట్టి రెండు భాషలూ ఆమెకు సొంతమే. గాఢమైన తపన అనే అర్థమున్న జర్మన్ మాట జెన్‌జుఖ్ట్‌తో పోల్చి చూసి, ఆ భావం ఇతరులకు లేదన్న మాటను ఆమె ఒప్పుకోలేదు. ఒంటరితనం అనే అర్థమున్న లాటిన్ సొలితాస్ నుంచి సొయిదాద్, సుయిదాద్ అనే పాత రూపాల మీదుగా వచ్చిన మాట ఇది. సరిహద్దు అవతలి గలీసియాలోనూ అదే మొలక ఉంది. జాతి ఆత్మ సరిహద్దు దగ్గర ఆగిందంటే నేను నమ్మలేను.

పదసంచి:
ఇన్ని పేర్లు చెప్పి మీరు తేల్చింది, ఆంగ్లేయులకు ఆ భావం ఉంది గానీ మాట లేదని. నేనంటున్నది, మాటే లేకపోతే భావం అంత గట్టిగా నిలబడదని. ఆ తల్లి మూడు సందర్భాల్లో ఒకే మాట అన్నందువల్లే, కొడుకు రాకా పోకా ఆమెకు ఒకే బాధ తాలూకు అలలుగా తోచాయి. ఆంగ్ల తల్లికి అవి మూడు వేర్వేరు సంగతులు.

రేవుగాలి:
ఈ మాట మొదటే అని ఉంటే ఇంత గొడవ ఉండేది కాదు. ఇది రాజుల చరిత్రతో పనిలేని వాదన, దీన్ని ఒప్పుకోకపోయినా తేలిగ్గా తీసిపారేయలేను. అయినా మీరూ నేనూ మాట్లాడుతున్నవి రెండు మాటలని అనుమానం. పష్కోయెష్‌ది పెద్దక్షరంతో రాసే ఏకవచనం. మా యజమానురాలి తల్లిది బహువచనం, సౌదాదెష్. ఇక్కడ మనుషులకూ కూరలకూ ఎక్కువగా బహువచనమే వాడతారు, కవులూ సమాధులూ ఏకవచనాన్ని ఇష్టపడతాయి. కస్తూరి గారు మొదటిదాన్ని అలాగే ఉంచి, రెండోదాన్ని నిస్సంకోచంగా అనువదించవచ్చు.

కస్తూరి:
మూలంలో వచనం ఏదో నాకు తెలియదు కదా! నా చేతికి వచ్చేది ఆంగ్లం. అందులో రెండూ ఒకే తీరుగా ఉంటాయి.

తీరందారి:
ఆ గీత కూడా నిలబడదు. బ్రెజిల్‌లో అమ్మకూ అన్నానికీ కూడా ఎక్కువగా ఏకవచనమే వాడతారు, సౌదాజి అని పలుకుతారు.

సూరిబాబు:
మాకు బెంగ చాలు.