తాళంకప్ప నిజంగా ఇత్తడిదేనా? షాపులోనే తేల్చుకోవడం ఎలా?

మాది విశాఖ పెదవాల్తేరు. ఉప్పుగాలి నేరుగా గేటుకే కొడుతుంది. ఇత్తడిదని కొన్న తాళంకప్ప 8 నెలలకే బిగుసుకుపోయింది. కొనేటప్పుడు అయస్కాంతం పెట్టి చూశాను, అంటుకోలేదు కాబట్టి నమ్మాను. గ్రాఫైట్ పొడి వేశాను, రాత్రంతా కిరోసిన్‌లో నానబెట్టాను, తాళంచెవి తిరగనే లేదు. చివరికి 6 మి.మీ. కడ్డీని హాక్సా బ్లేడుతో కోస్తే రెండు నిమిషాల్లో తెగిపోయింది, అసలు టెన్షన్ అప్పుడే మొదలైంది. బాడీని ఆకురాయితో గీస్తే పసుపు పూత కింద తెల్లటి జింక్ మిశ్రమం బయటపడింది. అదీ అయస్కాంతానికి అంటదు మరి.

ఈసారి 7 లివర్లు, 'హార్డెన్డ్' అని ముద్ర ఉన్న 8 మి.మీ. కడ్డీది చూసి పెట్టాను. బాడీ మీదే అనుమానం. షాపులో గీయనివ్వరు కదా, గీయకుండా ఇత్తడికీ జింక్‌కీ తేడా ఎలా కనిపెట్టాలి?