గుట్ట అడ్డుకోతలో శిఖరాన్ని ఎలా గీయాలి?

తూర్పు కనుమల్లోని ఒక గుట్ట మీదుగా రోడ్డు అలైన్‌మెంట్ పరిశీలించడానికి, 1:50,000 స్కేలున్న సర్వే ఆఫ్ ఇండియా టోపోషీటు నుంచి అడ్డుకోత గీస్తున్నాను. ఇందులో కాంటూరు అంతరం 20 మీటర్లు. గీత వెంట కాగితపు పట్టీ ఆనించి, కాంటూరు తగిలిన ప్రతిచోటా గుర్తు పెట్టి, ఆ గుర్తులను గ్రాఫు కాగితం మీదికి దించాను. నిలువు స్కేలు 1:5,000 తీసుకోవడం వల్ల వాలు పది రెట్లు నిటారుగా కనిపిస్తున్నదని తెలుసు కనుక, వాలును బొమ్మ మీద కొలవకుండా లెక్కగానే కడుతున్నాను.

చిక్కు శిఖరం దగ్గర వచ్చింది. 600 మీటర్ల కాంటూరును గీత రెండుసార్లు దాటుతుంది. ఆ రెండు బిందువుల మధ్య 5 మిల్లీమీటర్ల ఖాళీ ఉంది కానీ స్పాట్ హైట్ లేదు. నేరుగా కలిపితే గుట్ట నెత్తి బల్లపరుపుగా, అచ్చం అరుగులా తేలుతోంది. అసలు ఎత్తు 600కు పైన, 620కి లోపు ఎక్కడైనా ఉండవచ్చు. ఇరుపక్కల వాలునే పొడిగించి గుండ్రంగా ముగించడం సరైనదేనా?

మరొక సందేహం. ఒకచోట కాంటూర్ల ఎడం 4 మిల్లీమీటర్లే, అంటే 200 మీటర్లకు 20 మీటర్ల ఎక్కుడు, 10కి 1 వాలు. నాకు 20కి 1 కావాలి కనుక, డివైడర్‌ను 8 మిల్లీమీటర్లకు తెరిచి కాంటూరు నుంచి కాంటూరుకు ఏటవాలుగా నడిపించాను. ఇక ప్రొఫైల్‌ను ఆ వంకర దారి వెంటే మళ్లీ తీయాలా, లేక మొదటి సరళరేఖ అడ్డుకోతనే వాడవచ్చా? అనుభవజ్ఞులు దయచేసి వివరించగలరు.