యాన్యువల్ డే యాంకరింగ్ స్క్రిప్టు: తెలుగు, ఇంగ్లీష్ రెండూ ఒక్కదాన్నే చెప్పాలి, ఎలా కలపాలి?

సెకండియర్_శ్రావ్య
మాది విజయవాడ దగ్గర ఇంజినీరింగ్ కాలేజీ. వచ్చే శనివారం యాన్యువల్ డే, మొత్తం 14 ఐటమ్స్, యాంకర్‌ని నేనొక్కదాన్నే. హాస్టల్లో బీహార్, బెంగాల్ వాళ్ళు చాలామంది ఉన్నారు కాబట్టి రెండు భాషల్లో చెప్పాల్సిందే అన్నారు, పేరెంట్స్ కూడా వస్తారు కాబట్టి తెలుగు తగ్గకూడదు అన్నారు. ప్రతి ఐటమ్‌కీ ముందు తెలుగులో చెప్పి, అదే మళ్ళీ ఇంగ్లీషులో చెప్పేలా రాసుకున్నా. నిన్న రిహార్సల్లో చదువుతుంటే నా ఫ్రెండ్సే ఫోన్లు తీశారు. ఒక ముక్క పెడుతున్నా, ఎక్కడ తేడా కొడుతోందో చెప్పండి.

తెలుగు: "తదుపరి కార్యక్రమంగా తృతీయ సంవత్సరం ఈసీఈ విద్యార్థిని లాస్య కూచిపూడి తరంగం ప్రదర్శించబోతున్నారు, వారిని వేదిక మీదికి సాదరంగా ఆహ్వానిస్తున్నాము."
ఇంగ్లీష్: "నెక్స్ట్, లాస్య ఫ్రమ్ థర్డ్ ఇయర్ ఈసీఈ విల్ పెర్ఫార్మ్ కూచిపూడి తరంగం. వి వార్మ్‌లీ ఇన్వైట్ హర్ టు ది స్టేజ్."

రవి_ఎంబీఏ
సింపుల్. మొత్తం ముందు ఇంగ్లీషులో రాసేయ్, తర్వాత తెలుగులోకి మార్చుకో. ఇంగ్లీషులో ప్రోగ్రాం ఆర్డర్ క్లియర్‌గా ఉంటుంది, ఏదీ మిస్ అవ్వదు. నేను రెండు ఫెస్టులు అలాగే లాగించా.

పాత_మైకు
రవీ, ఆర్డర్ ముందు ఒక భాషలో వేసుకోవడం మంచిదే, అంతవరకు నీతో నేనూ ఉన్నా. కానీ దాన్ని మార్చి చదివితే వచ్చేది ఈ "తదుపరి కార్యక్రమంగా" తెలుగే. ఇంట్లో ఎవరైనా అలా మాట్లాడతారా?

శ్రావ్యా, పదేళ్ళకి పైగా స్టేజీల మీద ఇదే పని చేశాను, నేను పడ్డ గుంటలే చెప్తా. నీకు రెండు సమస్యలున్నాయి. మొదటిది టైము. ఒక్కో ఐటమ్‌కి తెలుగు అర నిమిషం, ఇంగ్లీష్ అర నిమిషం అనుకో, 14 ఐటమ్స్‌కి 14 నిమిషాలు, అందులో ఏడు నిమిషాలు ఉత్త రిపీట్. తెలుగు పిల్లలకి నీ ఇంగ్లీష్ కూడా అర్థమవుతుంది, అంటే హాల్లో ఎక్కువమంది ప్రతిదీ రెండుసార్లు వింటున్నారు. అందుకే ఫోన్లు తీశారు.

రెండోది ఎవరూ పట్టించుకోరు గానీ అసలు సంగతి అదే. చప్పట్లు ఎక్కడ పడాలి? పేరు మీద పడాలి. తెలుగు వాక్యంలో క్రియ చివర వస్తుంది కదా, నీ వాక్యంలో "లాస్య" మధ్యలోనే వచ్చేసింది, ఆ తర్వాత నువ్వు "ప్రదర్శించబోతున్నారు, సాదరంగా, ఆహ్వానిస్తున్నాము" అంటూ ఇంకో ఐదారు సెకన్లు మాట్లాడావు. లాస్య ఫ్రెండ్స్ పేరు వినగానే కేకలు వేస్తారు, మిగతాది వాటిలో కొట్టుకుపోతుంది, నువ్వు వాక్యం ముగించేసరికి హాలు చల్లబడుతుంది. ఇంగ్లీషులో పేరుని చివరికి నెట్టడం తేలిక. అందుకే నేను సంగతి తెలుగులో మొదలుపెట్టి, పిలుపు ఇంగ్లీషులో ముగిస్తా.

హన్మకొండ_పిల్ల
మేము ఇద్దరం చేసినం, నేను తెలుగు, మా క్లాస్‌మేట్ ఇంగ్లీష్. అసలు టెన్షన్ లేదు, ఒకరు చెప్తుంటే ఇంకొకరు నెక్స్ట్ కార్డు చూసుకోవచ్చు. నువ్వు కూడా ఒక అబ్బాయిని పెట్టుకో.

సెకండియర్_శ్రావ్య
అక్కా, ఒక్కదాన్నే అని ఫిక్స్ చేసేశారు, అదే కదా నా బాధ 😭
పాత మైకు అన్నా, పిలుపు ప్రతిసారీ ఇంగ్లీషులోనే అంటే మా పేరెంట్స్ బ్యాచ్ ఫీల్ అవ్వరా?

పాత_మైకు
తెలుగులోనూ పేరుని చివరికి తేవచ్చు, వాక్యం తిప్పాలి అంతే. "ఇప్పుడు మీ ముందుకు వస్తున్నది... థర్డ్ ఇయర్ ఈసీఈ నుంచి... లాస్య!" ఇది మనం రోజూ మాట్లాడే తెలుగే. ఒకసారి ఇలా, ఒకసారి ఇంగ్లీష్, మార్చి మార్చి వాడు.

నీ ముక్క నేనైతే ఇలా చెప్తా:

"కూచిపూడి అనేది నాట్యం పేరు కాకముందు ఒక ఊరి పేరు. మన కృష్ణా జిల్లాలో ఊరే. ఇప్పుడు చూడబోయేది కూచిపూడిలో తరంగం. పాట సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు, మీరు కాళ్ళు చూడండి. జస్ట్ వాచ్ హర్ ఫీట్. షీ విల్ డాన్స్ ఆన్ ది రిమ్ ఆఫ్ ఎ బ్రాస్ ప్లేట్, ఫ్రమ్ స్టార్ట్ టు ఫినిష్. ఫ్రమ్ థర్డ్ ఇయర్ ఈసీఈ, ప్లీజ్ వెల్కమ్... లాస్య!"

ఇందులో రిపీట్ అయ్యింది ఒకే ఒక్క మాట, "కాళ్ళు చూడండి, వాచ్ హర్ ఫీట్". భాష మారేది అక్కడే. దాన్ని నేను మడత బందు అనుకుంటా, తలుపు తిరిగేది అక్కడే కదా. ఊరి కథ తెలుగువాళ్ళకి దగ్గర, ఇత్తడి పళ్ళెం సంగతి బీహార్ పిల్లాడికి కావాలి, తెలుగువాళ్ళకీ ఎలాగూ అర్థమవుతుంది. మొత్తం పాతిక సెకన్ల లోపే.

ఇక్కడ అంతా తెలుగు లిపిలో రాశా గానీ, కార్డు మీద ఏ భాషని ఆ భాష అక్షరాల్లోనే రాసుకో. లిపి మారగానే కంటికి ముందే తెలుస్తుంది, నోరు సిద్ధమవుతుంది. తెలుగుని ఇంగ్లీష్ అక్షరాల్లో రాసుకుంటే కలకీ కళకీ తేడా ఉండదు. ఒకసారి నేను "మన విద్యార్థుల కల" అని గొప్పగా చదివి దొరికిపోయా.

తెలుగు_టీచరు
పాత మైకు గారూ, తిరగరాసింది బాగుంది కానీ రెండు పొరపాట్లున్నాయి. తరంగాలు నారాయణ తీర్థుల శ్రీకృష్ణలీలా తరంగిణి లోనివి, అది సంస్కృతం. కాబట్టి "పాట సంగతి చెప్పక్కర్లేదు" అంటే కుదరదు, మన పిల్లలకీ ఆ మాటలు అర్థం కావు. కృష్ణుడి కథ అని ఒక్క ముక్క చెప్పాలి. రెండోది, పళ్ళెం మొదటి నుంచీ ఉండదు. ముందు మామూలుగా నేల మీదే ఆడతారు, పళ్ళెం ఎక్కేది తర్వాత. "స్టార్ట్ టు ఫినిష్" అని చెబితే జనం పళ్ళెం ఏదీ, పళ్ళెం ఏదీ అని వెతుక్కుంటూ అభినయం చూడరు. అన్నిటికంటే ముందు, లాస్య అసలు పళ్ళెం మీద ఆడుతుందా లేదా కనుక్కో అమ్మా.

ఇంకొకటి, "సాదరంగా ఆహ్వానిస్తున్నాం" అంటే ఏదో నేరం అన్నట్టు మాట్లాడకండి. ముఖ్య అతిథిని పిలిచేటప్పుడు ఆ మాటకి విలువ ఉంది.

పాత_మైకు
మేడం, పళ్ళెం విషయంలో తప్పు నాదే, ఒప్పుకుంటున్నా. "స్టార్ట్ టు ఫినిష్" తీసేసి "వెయిట్ ఫర్ ది బ్రాస్ ప్లేట్" అని పెట్టుకో శ్రావ్యా. పైగా అది ఇంకా బాగుంది, ఎదురుచూస్తారు.

అతిథి విషయంలోనూ మేడం మాటే. అక్కడ తెలుగు నిండుగా ఉండాలి, ఇంగ్లీష్ ఒక్క లైను చాలు. ఒక జాగ్రత్త, తెలుగులో "గారు" అన్నాక ఇంగ్లీషులో "మిస్టర్ ఫలానా గారు" అనకు, ఒక పేరుకి ఒక గౌరవమే. ఆయన డాక్టరేట్ ఉన్న మనిషైతే రెండు భాషల్లోనూ డాక్టరే. ఒక కాలేజీలో తెలుగులో "డాక్టర్" అని, ఇంగ్లీషుకి రాగానే అలవాటుగా "మిస్టర్" అనేశా. పెద్దాయన నవ్వుతూనే మైకు తీసుకుని "ఇంగ్లీషులో నా డిగ్రీ పోయిందే" అన్నారు. హాలంతా నవ్వింది, నేను తప్ప.

చీరాల_ఈవెంట్స్
అన్నా, సంగీత్‌కి కూడా ఇలాంటి స్క్రిప్టు ఉంటే పెట్టండి, పెళ్ళికొడుకు వైపు వాళ్ళు బెంగళూరు.

రవి_ఎంబీఏ
బ్రో ఇది కాలేజీ ఫంక్షన్.
శ్రావ్యా, రిపీట్ అస్సలు వద్దంటున్నారు కదా, మరి బస్సు అనౌన్స్‌మెంట్లు అవీ? అవి ఒక్క భాషలో చెబితే బెంగాల్ బ్యాచ్ గేటు దగ్గరే ఉండిపోతుంది.

పాత_మైకు
ఇది కరెక్ట్. బస్సు, భోజనం, పార్కింగ్, ఎవరికైనా ఒంట్లో బాగోకపోవడం, ఇవి రెండు భాషల్లోనూ పూర్తిగా, జోకులు లేకుండా. "హాస్టల్ బస్సు 9 గంటలకి, మెయిన్ గేటు దగ్గర. హాస్టల్ బస్, నైన్ ఓ క్లాక్, మెయిన్ గేట్." రెండిట్లోనూ అదే వరస ఉండాలి, ముందు ఏది, తర్వాత ఎప్పుడు, చివర ఎక్కడ. వరస మారితే సగం వినేవాళ్ళు కలగాపులగం చేసుకుంటారు.

సెకండియర్_శ్రావ్య
పెన్ డ్రైవ్‌లో పాట ఓపెన్ అవ్వకపోతే? పోయినేడాది సీనియర్ నాలుగు నిమిషాలు "గివ్ ఇట్ అప్, గివ్ ఇట్ అప్" అంటూనే ఉంది పాపం.

హన్మకొండ_పిల్ల
దీనికి నా దగ్గర మందుంది. పొడుపు కథ వెయ్. తెలుగులోనే, "కిటకిట తలుపులు, కిటారి తలుపులు, ఎప్పుడు తీసినా చప్పుడు కావు, ఏంటవి?" అను. తెలుగువాళ్ళని నోరు మూసుకోమని, "ఓన్లీ మై నాన్ తెలుగు ఫ్రెండ్స్ కెన్ ఆన్సర్, ఆస్క్ యువర్ నెయిబర్ ఫర్ ది మీనింగ్" అను. పక్కోళ్ళు తలుపులంటే డోర్స్ అని చెప్పుకుంట కూర్చుంటరు, ట్రాన్స్‌లేషన్ వాళ్ళే చేస్తరు, నీకు రెండు నిమిషాలు దొరుకుతయ్. జవాబు కనురెప్పలు. మాకు ఒడిశా అమ్మాయి చెప్పింది, హాలు ఊగిపోయింది.

కానీ నాదొక డౌటు. నేను మైకులో నా యాసలోనే మాట్లాడిన, ఒక సార్ దిగినంక "స్టేజీ మీద కాస్త మంచి తెలుగు మాట్లాడు" అన్నరు. ఇంగ్లీష్ మాత్రం ఎట్ల మాట్లాడినా ఎవ్వరూ ఏమనరు.

తెలుగు_టీచరు
నీది మంచి తెలుగే తల్లీ. అతిథి పరిచయం మాత్రం అన్ని ప్రాంతాలవాళ్ళకీ అలవాటైన పుస్తకాల తెలుగులో ఉంటే మేలు, మిగతాదంతా నీ యాసలోనే చెప్పు.

పాత_మైకు
నేను దీనికి ఒప్పుకోను మేడం. అతిథి దగ్గర ఒకటి, పిల్లల దగ్గర ఒకటి అంటే ఆ అమ్మాయి ఒకే ఈవెంట్లో మూడు భాషలు మోయాలి.

హన్మకొండ_పిల్ల
మూడు కాదన్నా, సార్ పక్కన ఉంటే నాలుగు 😄

సెకండియర్_శ్రావ్య
అయిపోయింది నిన్న! లాస్యని అడిగా, పళ్ళెం ఉంది, "వెయిట్ ఫర్ ది బ్రాస్ ప్లేట్" అన్నా. ఆ పిల్ల పళ్ళెం మీద కాలు పెట్టగానే వెనక బెంచీల్లో బెంగాల్ బ్యాచ్ లేచి నిలబడింది. బస్సు అనౌన్స్‌మెంట్ మాత్రం కంగారులో తెలుగులో 9 అని ఇంగ్లీషులో ఎయిట్ అనేశా, హాస్టల్ వాళ్ళు సగంమంది గ్రూప్ డాన్స్ మధ్యలో లేచి వెళ్ళిపోయారు. పొడుపు కథ వాడే అవసరం రాలేదు, పాటలన్నీ ఓపెన్ అయ్యాయి.