అక్కకు చెప్పాను. తర్వాత ఎవరికి?

తెనాలి కుర్రాడు: వయసు 29, హైదరాబాద్‌లో ఉద్యోగం. నేను గే అని రెండేళ్ల కింద అక్కకు మాత్రమే చెప్పాను. ఇప్పుడు పండక్కి వస్తే పెళ్లిచూపులంటున్నారు. "ఒక్కసారి అందరికీ చెప్పేయ్, టెన్షన్ పోతుంది" అంటోంది అక్క. ముందు ఎవరికి చెప్పాలి?

రాంబాబు: అక్క చెప్పింది కరెక్ట్. గే సంబంధాలను నేరమన్న సెక్షన్ 377 కథ 2018లోనే ముగిసింది, ఇంకా భయమెందుకు? ఫ్యామిలీ గ్రూప్‌లో ఒక మెసేజ్ పెట్టు. ఒక్క రోజు గొడవ, అంతే.

పాతకాపు: రాంబాబు గారూ, సుప్రీంకోర్టు తీర్పుతో పోయింది కేసు భయం. నాన్న ఇంట్లోంచి పొమ్మంటే ఆ తీర్పు అడ్డురాదు.

తమ్ముడూ, నాకు 46. మొదటిసారి హాస్టల్ రూమ్మేట్‌కి చెప్పాను, 1999లో. మొన్న ఆఫీసులో రక్తదాన శిబిరం పెడితే మళ్లీ అదే పరీక్ష. మగవాళ్లతో సంబంధం ఉన్న మగవాళ్లు రక్తం ఇవ్వకూడదని 2017 నిబంధనల్లో ఉంది. ఫారం చేతికిచ్చి, "మీరెందుకు ఇవ్వట్లేదు సార్?" అని కుర్రాడు అందరి ముందూ అడిగాడు. బీపీ మాత్రలు వాడుతున్నానని అబద్ధం చెప్పాను. ఇల్లు మారినా, డాక్టర్ మారినా, నామినీ కాలమ్‌లో "సంబంధం" రాయాల్సి వచ్చినా మళ్లీ మొదటికే.

అందుకే ఎవరితో దగ్గర అన్నది కాదు, ఆ మనిషి నోట్లోంచి మాట జారితే ఎక్కడికి చేరుతుందో నేను ముందు చూస్తాను. రెండోది, నా అద్దె, జీతం వాళ్ల చేతిలో ఉన్నాయా అన్నది. చెప్పబోయే ముందు స్వలింగ పెళ్లి హక్కుపై 2023 తీర్పు లాంటి వార్తను భోజనాల దగ్గర ఎత్తుతాను. వాళ్లు ఏమంటారో వింటాను. ఎంత నవ్వారో కూడా గమనిస్తాను. చెప్పేటప్పుడు "ఇంకెవరికి తెలుసు, ఎవరికి తెలియకూడదు" అన్నది కూడా అప్పుడే చెప్పేయాలి. నేను చెల్లికి ఆ మాట చెప్పలేదు. చెల్లి బావగారికి, ఆయన వాళ్లమ్మకి చెప్పారు. ఒంగోలులో ఒక పెళ్లి పందిట్లో మా అమ్మకి తెలిసింది, చేతిలో తాంబూలం పళ్లెంతో.

లక్ష్మి: బాబూ, మా అమ్మాయి కూడా ఇలాగే ఇంట్లో చెప్పలేక రెండేళ్లు నలిగింది. మీ పెదనాన్న చేత చెప్పించు. ఆ పిల్లది ఏ ఊరు?

తెనాలి కుర్రాడు: పిల్ల లేదు ఆంటీ.

రాంబాబు: పాతకాపు గారూ, భార్యకు చెప్పి భర్తకు దాచమంటారా? మొగుడూపెళ్లాల మధ్య రహస్యాలు పెట్టించడం ఏ న్యాయం? దీనికి జవాబు చెప్పండి.

పాతకాపు: దాచమనలేదు. బావకి చెప్పాలనుకుంటే ముందు నన్ను అడగమంటున్నాను.

రాంబాబు: అదే దాచడం!

శారద: లెక్కలు బాగానే వేస్తున్నారు. నా పెళ్లి 2014లో. మా ఆయన తన స్నేహితుల్లో ముగ్గురికి చెప్పుకున్నాడు. నాకు నాలుగేళ్లకి, అదీ అతని ఫోన్‌లో చూసి తెలిసింది. అతనూ మీలాగే "ఎవరు సేఫ్" అని చూసుకునే ఉంటాడు. ఆ లిస్టులో నేను లేను. మీరంతా ఎవరికి చెబితే మీకు ఏమవుతుందనే ఆలోచిస్తారు. చెప్పకపోతే నాకేమవుతుందో ఎవరు చూశారు?

పాతకాపు: మీకు జరిగింది అన్యాయమే. కానీ ఈ కుర్రాడు ఎవరి మెడలోనూ తాళి కట్టలేదు. మీ ఆయన మీద కోపం ఇతని మీద చూపించకండి.

శారద: కోపం కాదు, పండక్కి అతను ఎవరింటికి కాఫీ తాగడానికి వెళ్తున్నాడని అడుగుతున్నాను. ఎవరికి చెప్పాలో అతనిష్టం, ఒప్పుకుంటాను. పీటల మీద పక్కన కూర్చోబోయే అమ్మాయి విషయంలో మాత్రం కాదు.

పాతకాపు: ఆ అమ్మాయికి చెబితే వాళ్ల నాన్నకి చెబుతుంది, సాయంత్రానికి ఊరంతా తెలుస్తుంది. పెళ్లిచూపులకే వెళ్లకూడదు. "వద్దు" చాలు, కారణం తర్వాత.

శారద: కారణం లేకుండా వద్దంటే నెలలో ఇంకో ఫోటో తెస్తారు. ఎన్నిసార్లు వద్దంటాడు? మా ఆయనా మూడుసార్లు అన్నాడట. నాలుగోది నేను.

పాతకాపు: దానికి నా దగ్గర జవాబు లేదు శారద గారూ.

రాంబాబు: బావ సంగతి తేలలేదు ఇంకా.

తెనాలి కుర్రాడు: తేలింది అన్నా. నిన్న అక్కని అడిగాను. బావకి ఆ వారమే చెప్పేసిందట. రెండేళ్లుగా ఆయనకి తెలుసు, పోయిన సంక్రాంతికి నాకు షర్టు కొన్నప్పుడూ తెలుసు. నాతో ఒక్క మాట అనలేదు. మంచిదో కాదో నాకే అర్థం కావట్లేదు.

పొద్దున అమ్మకి ఫోన్ చేసి పెళ్లిచూపులు వద్దన్నాను. "ఎందుకురా?" అంది. నేను నోరు తెరిచేలోపు కుక్కర్ కూత పెట్టింది. మళ్లీ చేస్తానని పెట్టేసింది. ఇంకా చేయలేదు.