క్లౌడ్ స్టోరేజీని స్లైడ్లలో చెప్పాలంటే బ్యాంకు లాకరా, బ్యాంకు ఖాతానా?

అంబాజీపేట_వాణి:
మా లంక ఊళ్ళ డ్వాక్రా అక్కల కోసం ఇన్‌స్టాలో పెట్టడానికి ఏడు స్లైడ్లు చేస్తున్నానండి. 2022 జూలై వరదలో చాలా ఇళ్ళల్లో పాసుపుస్తకాలు, సర్టిఫికెట్లు తడిసిపోయాయి. అందుకే వాటిని ఫొటో తీసి క్లౌడ్‌లో దాచుకోమని చెబుతున్నాను. "క్లౌడ్ అంటే బ్యాంకు లాకర్ లాంటిది, అందులో పెడితే భద్రం" అని రాశాను. మా అన్నయ్యేమో ఆ పోలిక ప్రమాదం అంటున్నాడు. మార్చాలా, ఉంచాలా?

కాలువగట్టు_శ్రీను:
మార్చండి వాణిగారూ. లాకర్‌లో గొలుసు పెట్టి ఇంటికొచ్చాక ఇంట్లో మనం ఏం చేసినా లాకర్‌లోని గొలుసుకి ఏమీ కాదు. మీ స్లైడు చూసిన అక్క కూడా అదే నమ్మకంతో ఉంటుంది. రేపు ఫోన్ నిండిపోగానే "లాకర్‌లో ఉన్నాయి కదా" అని గూగుల్ ఫొటోస్ యాప్ తెరిచి పాత ఫొటోలన్నీ డిలీట్ కొడుతుంది. అక్కడ కొట్టిన డిలీట్ ఫోన్‌కే కాదు, క్లౌడ్‌లోని కాపీకి కూడా వర్తిస్తుంది. బ్యాకప్ అయిన ఫొటో ట్రాష్‌లో 60 రోజులు ఉంటుంది, ఆ తర్వాత పూర్తిగా పోతుంది. ఆ అక్కకి పాసుపుస్తకం ఫొటో అవసరం పడేది ఆరు నెలల తర్వాత, మళ్ళీ వరదొచ్చినప్పుడు.

లాకర్ బదులు బ్యాంకు ఖాతా అని చెప్పండి. పాసుబుక్కు పోతే ఖాతాలో డబ్బు పోదు. అలాగే ఫోన్ గోదాట్లో పడినా ఫొటోలు పోవు. కానీ డబ్బు ఏ ఊరి ఏటీఎంలో తీసినా ఖాతాలో తగ్గుతుంది. డిలీట్ అంటే డబ్బు తీసేయడం. మన అక్కలు భయపడాల్సింది ఫోన్ పోవడం గురించి కాదు, ఆ డిలీట్ బటన్ గురించి. ఈ రెండిటి తేడా లాకర్ పోలికలో ఎంత వెతికినా దొరకదు.

రాజోలు_టీచరమ్మ:
శ్రీనుగారూ, మీరు చెప్పింది సాంకేతికంగా సరే కావచ్చు. కానీ బ్యాంకు ఖాతా అనగానే మా ఊళ్ళో ఆడవాళ్ళకి ముందు గుర్తొచ్చేది ఓటీపీ మోసాలు. కేవైసీ అప్‌డేట్ అని ఫోన్ చేసి డబ్బు లాగేసిన సంగతి ప్రతి సంఘంలోనూ ఎవరో ఒకరు చెబుతారు. స్లైడు మీద ఖాతా బొమ్మ, పాసుబుక్కు బొమ్మ పెడితే "ఇది కూడా అలాంటిదే" అని పక్కన పడేస్తారు. లాకర్ అంటే ఆ భయం లేదు. పైగా ప్రభుత్వ యాప్ పేరే డిజిలాకర్. అందరికీ అలవాటైన పేరుని మనమెందుకు వదులుకోవాలి?

భీమవరం_కిరణ్:
శ్రీను గారు అనవసరంగా భయపెడుతున్నారు. నేను గ్యాలరీలో ఎన్నోసార్లు ఫొటోలు డిలీట్ చేశాను. గూగుల్ ఫొటోస్‌లో అన్నీ అలాగే ఉన్నాయి. ఫోన్‌లో డిలీట్ చేస్తే క్లౌడ్‌లో పోదు. లాకర్ పోలికే కరెక్టు.

కాలువగట్టు_శ్రీను:
కిరణ్ తమ్ముడూ, నువ్వు చూసింది నిజమే. నీ ఫోన్ కంపెనీ ఇచ్చిన గ్యాలరీ యాప్ వేరు, గూగుల్ ఫొటోస్ వేరు. ఆ గ్యాలరీలో తీసేస్తే మామూలుగా ఫోన్‌లోని కాపీ ఒక్కటే పోతుంది. అదే ఫొటోని గూగుల్ ఫొటోస్ యాప్‌లో తీసేస్తే రెండు చోట్లా పోతుంది. ఐఫోన్‌లో ఐక్లౌడ్ ఫొటోస్ ఆన్ చేసి ఉంటే ఫోన్‌లో డిలీట్ చేసింది క్లౌడ్‌లోనూ, అదే ఖాతా ఉన్న మిగతా ఫోన్లలోనూ పోతుంది. అక్కడ 30 రోజుల గడువే.

చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో రెండు యాప్‌లూ పక్కపక్కనే ఉంటాయి, ఫొటోలూ ఒకేలా కనిపిస్తాయి. ఏది తెరిచారో అక్కలకి ఎలా తెలుస్తుంది? అందుకే స్లైడులో ఒకటే దారి చెప్పాలి. ఫోన్‌లో చోటు కావాలంటే ఒక్కో ఫొటో డిలీట్ కొట్టొద్దు. గూగుల్ ఫొటోస్‌లో ప్రొఫైల్ బొమ్మ మీద నొక్కితే `Free up space` అని వస్తుంది, అది వాడమనండి. క్లౌడ్‌కి చేరిపోయిన ఫొటోలని మాత్రమే అది ఫోన్‌లోంచి తీస్తుంది, క్లౌడ్‌లోవి ముట్టుకోదు.

డిజిలాకర్ సంగతి వేరు టీచరమ్మగారూ. అందులోకి వచ్చే ఆధార్, డ్రైవింగ్ లైసెన్సు లాంటివి మనం తీసిన ఫొటోలు కావు. ఆయా శాఖలే నేరుగా పంపే పత్రాలు. 2016 నాటి ఐటీ నిబంధనల ప్రకారం వాటికి ఒరిజినల్‌తో సమానమైన విలువ ఉంది. మనం ఫొటో తీసి క్లౌడ్‌లో పెట్టుకున్న పాసుపుస్తకానికి ఆ విలువ రాదు. నకలు తెచ్చుకోవడానికి నంబర్లు, వివరాలు చేతిలో ఉంటాయి, అంతవరకే. రెండిటికీ లాకర్ అనే పేరు పెడితే ఫొటో చూపించినా చాలని అనుకుంటారు.

పాలకొల్లు_చేపలచెరువు:
అయ్యా, నా సంగతి కొంచెం చూడండి. మేత వేస్తుంటే ఫోన్ చెరువులో పడిపోయింది. అందులో చెరువు లీజు కాగితాల ఫొటోలు, మా అమ్మాయి పెళ్ళి ఫొటోలు ఉన్నాయి. కొత్త ఫోన్ కొన్నాను. షాపులో కుర్రాడు అన్నీ సెట్ చేసి ఇచ్చాడు. గూగుల్ ఫొటోస్ తెరిస్తే ఖాళీగా ఉంది. మీరంతా క్లౌడ్‌లో భద్రంగా ఉంటాయంటున్నారు, నావి ఎక్కడికి పోయాయి?

కాలువగట్టు_శ్రీను:
టెన్షన్ పడకండి, ముందు ఒకటి చూద్దాం. కొత్త ఫోన్ అమ్మేటప్పుడు షాపులో అప్పటికప్పుడు కొత్త జీమెయిల్ తెరిచి ఇచ్చేయడం మన దగ్గర మామూలే. మీకూ అలాగే చేసి ఉంటే మీరు వేరేవాళ్ళ ఖాళీ ఖాతా చూస్తున్నట్టే. పాత ఫోన్‌లో ఏ జీమెయిల్ ఉండేదో గుర్తు చేసుకోండి. యూట్యూబ్‌కో, మీ అమ్మాయి మెయిల్ పంపడానికో వాడి ఉంటారు. ఎవరి కంప్యూటర్‌లోనైనా photos.google.com తెరిచి ఆ పాత ఐడీతో లాగిన్ అవ్వండి. పాస్‌వర్డ్ గుర్తు లేకపోయినా, పాత సిమ్ నంబరు ఆ ఖాతాకి జతచేసి ఉంటే దానికొచ్చే కోడ్‌తో మార్చుకునే అవకాశం ఉంటుంది.

పెళ్ళి ఫొటోలు మీ కెమెరాతో తీసినవైతే, బ్యాకప్ ఆన్‌లో ఉండి ఉంటే అక్కడ దొరకాలి. లీజు కాగితాలు మాత్రం ఎవరైనా వాట్సాప్‌లో పంపినవా? వాట్సాప్ ఫొటోల ఫోల్డర్‌ని బ్యాకప్ సెట్టింగుల్లో విడిగా ఆన్ చేయాలి. చేయకపోతే అవి పైకి వెళ్ళి ఉండవు.

పాలకొల్లు_చేపలచెరువు:
లీజు కాగితాలు రైతు వాట్సాప్‌లోనే పంపాడండి. ఆయన ఫోన్‌లో ఉంటాయేమో అడుగుతాను. పాత ఐడీ అమ్మాయికే తెలియాలి, సాయంత్రం మాట్లాడతాను.

తణుకు_బొమ్మలగీత:
నేను స్లైడ్లు చేసేదాన్ని కాబట్టి ఆ వైపు నుంచి చెబుతాను. వాణిగారూ, మీ ఏడు స్లైడ్లూ ఎవరూ వరసగా చూడరు. ఇన్‌స్టాలో పెట్టింది ఊళ్ళోకి వచ్చేసరికి వాట్సాప్ ఫొటోగా మారుతుంది. ఏడింటిలో నచ్చినది ఒక్కటి ఫార్వార్డ్ అవుతుంది. "అందులో పెడితే భద్రం" అనే రెండో స్లైడు ఒక్కటే తిరిగి, "డిలీట్ చేస్తే పోతుంది" అనే అయిదో స్లైడు ఎవరికీ చేరకపోతే ఏమవుతుంది? పోలిక ఒక స్లైడులో, దాని హద్దు మూడు స్లైడ్ల తర్వాత పెట్టకండి. రెండూ ఒకే బొమ్మలో ఉండాలి. ఒక్కో స్లైడునీ విడిగా మీ అమ్మకి చూపించండి. ఆ ఒక్కదానితో ఆమె తప్పు పని చేసే వీలుంటే ఆ స్లైడు మార్చాలి.

శ్రీనుగారి ఖాతా పోలికకే నా ఓటు. టీచరమ్మగారు చెప్పిన భయం కూడా నిజమే కాబట్టి ఏటీఎం కార్డు, ఓటీపీ బొమ్మలు వేయొద్దు. పాసుబుక్కు బొమ్మ చాలు. బ్యాంకు పేరు, లోగో అసలే వద్దు. ఎక్కడా లింకు పెట్టొద్దు. "ఈ స్లైడ్లలో ఏ లింకూ ఉండదు, మేము ఏ నంబరూ అడగం" అని అడుగున రాయండి.

అంబాజీపేట_వాణి:
గీతగారూ, ఇది చాలా పనికొచ్చింది. రెండో స్లైడు, మూడో స్లైడు ఇలా మార్చాను, చూడండి.

రెండు: "ఫోన్ పాసుబుక్కు లాంటిది, క్లౌడ్ ఖాతా లాంటిది. పాసుబుక్కు తడిసినా ఖాతాలో డబ్బు ఉంటుంది. కానీ మీరే తీసేస్తే ఖాతాలోనూ ఉండదు. ఫొటో యాప్‌లో డిలీట్ అంటే తీసేయడమే."

మూడు: "బ్యాంకులో డబ్బు కట్టాక రసీదు చూసుకుంటాం కదా. ఫొటో తీశాక గూగుల్ ఫొటోస్‌లో ప్రొఫైల్ బొమ్మ నొక్కి చూడండి. బ్యాకప్ పూర్తయిందని ఉంటేనే క్లౌడ్‌కి చేరినట్టు. లేకపోతే ఆ ఫొటో ఇంకా మీ ఫోన్‌లో మాత్రమే ఉంది."

మూడోది ఎందుకు పెట్టానంటే, చాలామందికి వైఫై లేదు. మొబైల్ డేటాతో బ్యాకప్ ఆన్ చేయకపోతే నెలల తరబడి ఏదీ పైకి వెళ్ళదు. వాళ్ళకి ఆ సంగతి తెలియదు.

రాజోలు_టీచరమ్మ:
మూడో స్లైడు నాకు బాగా నచ్చింది. రసీదు అనే మాట సంఘంలో ప్రతి వారం వాడేదే. కానీ ఒక్క చోట ఖాతా పోలిక కూడా విరిగిపోతుంది. బ్యాంకు "ఇక మీ డబ్బు పట్టదు" అనదు. గూగుల్ ఉచితంగా ఇచ్చేది 15 జీబీయే. జీమెయిల్, డ్రైవ్, ఫొటోలు అన్నీ కలిపి అంతే. రోజూ వచ్చే గుడ్ మార్నింగ్ వీడియోలతో అది నిండిపోతే కొత్త ఫొటోలు పైకి వెళ్ళవు. అప్పుడు తీసిన పాసుపుస్తకం ఫొటో ఫోన్‌లో తప్ప ఇంకెక్కడా ఉండదు. దీన్ని ఖాతా భాషలో ఎలా చెబుతారు?

కాలువగట్టు_శ్రీను:
చెప్పకండి, అంతే. అక్కడ పోలిక వదిలేసి నేరుగా రాయాలి: "ఉచిత చోటు 15 జీబీ. నిండితే బ్యాకప్ ఆగిపోతుంది. ముందు పెద్ద వీడియోలు తీసేయండి." ఫోన్ ఫొటో ఒకటి మూడు, నాలుగు ఎంబీ అనుకుంటే 15 జీబీలో సుమారు నాలుగు వేలు పడతాయి. అంటే పత్రాల ఫొటోలతో ఎప్పటికీ నిండదు, నింపేది వీడియోలే.

ఇంకో తేడా కూడా రాయాలి. రెండేళ్ళు లావాదేవీ లేకపోతే బ్యాంకు ఖాతా నిద్రాణం అవుతుంది, కానీ డబ్బు మనదే. గూగుల్ ఖాతా రెండేళ్ళు అసలు వాడకపోతే అందులోవి తొలగించే హక్కు కంపెనీకి ఉంది. ఊళ్ళో పెద్దవాళ్ళ పేరున తెరిచి వదిలేసిన ఐడీలకి ఈ ముప్పు ఉంది.

భీమవరం_కిరణ్:
గ్యాలరీ యాప్ సంగతి అర్థమైంది శ్రీను గారూ. కానీ ఖాతా పోలిక పొడవైపోతోంది. ఏడు స్లైడ్లలో రెండేళ్ళ నిబంధన, 15 జీబీ, రసీదు అన్నీ ఇరికిస్తే ఎవరు చదువుతారు? నాకైతే లాకర్ అని ఒక్క ముక్క చెప్పి, "ఫొటోస్ యాప్‌లో డిలీట్ చేయొద్దు" అని ఎర్రక్షరాల్లో రాస్తే సరిపోతుందనిపిస్తోంది.

తణుకు_బొమ్మలగీత:
కిరణ్‌గారూ, లాకర్ బొమ్మ పక్కన "డిలీట్ చేయొద్దు" అని రాస్తే ఎందుకు చేయకూడదో బొమ్మ చెప్పదు. లాకర్ అన్నారు కదా, ఇంట్లోది తీస్తే ఏమవుతుందని అడుగుతారు. ఖాతా బొమ్మకి ఆ ప్రశ్న రాదు. రెండేళ్ళ సంగతి మాత్రం ఈ ఏడింటిలో వద్దు, వేరే పోస్టుగా పెట్టండి.

అంబాజీపేట_వాణి:
రెండు రకాల స్లైడ్లూ ప్రింట్ తీసి ఆదివారం సంఘం మీటింగులో చెరి సగం మందికి ఇస్తాను. తర్వాత ఒకటే ప్రశ్న అడుగుతాను: "ఫోన్ నిండింది, ఫొటోస్ యాప్‌లో పాసుపుస్తకం ఫొటో డిలీట్ చేశారు. అది ఇంకా క్లౌడ్‌లో ఉంటుందా?" ఎవరేం చెప్పారో ఇక్కడ రాస్తాను. టీచరమ్మగారూ, మీరు కూడా రాజోలులో అడగగలరా?

రాజోలు_టీచరమ్మ:
అడుగుతానమ్మా. పాసుబుక్కు బొమ్మ చూసి ఎవరైనా భయపడ్డారా అన్నది కూడా రాసుకో, నాకు అదే తెలియాలి.